నల్ల వీపు, గోధుమరంగు కాళ్లు ఉంటే జర్మన్ షెపర్డ్ క్రాసేనా?

ప్రశ్న: మా వీధి కుక్క ఈనిన పిల్లల్లో ఒకటి నల్లగా ఉంది. కాళ్లు, మూతి పక్కలు మాత్రం గోధుమరంగు, చెవులు వాలిపోయి ఉన్నాయి. రెండు నెలలుంటాయి. తల్లి మామూలు గోధుమరంగు కుక్కే. ఫొటో చూసినవాళ్లు కొందరు జర్మన్ షెపర్డ్ క్రాస్ అంటున్నారు, కొందరు రాట్‌వీలర్ అంటున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ కాకపోవచ్చు. నాకైతే మన నాటు పిల్లలాగే కనిపిస్తోంది.

అందరూ రంగు దగ్గరే బోల్తా పడతారు. నలుపు మీద గోధుమరంగు వేసే జన్యువు బలహీనమైనది. తల్లికీ తండ్రికీ ఒక్కో కాపీ దాగి ఉంటే చాలు, ఇద్దరూ గోధుమరంగువైనా ఇలాంటి పిల్ల పుడుతుంది. ఈ రంగు మన దేశానికి కొత్తదీ కాదు. ఋగ్వేదంలో యముడి కుక్కలకు నాలుగు కళ్లని ఉంటుంది, కళ్లపైన ఉండే మచ్చలనే అలా అన్నారని చాలామంది వివరిస్తారు. మీ పిల్లకూ కనుబొమల చోట ఆ రెండు చుక్కలున్నాయి చూడండి.

చెవులను బట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేం. ఈ వయసులో షెపర్డ్ పిల్లకూ చెవులు వాలే ఉంటాయి, నాటు పిల్లకూ అంతే. నాలుగైదు నెలలప్పుడు పాలపళ్లు ఊడేటప్పుడు ఒక చెవి లేస్తుంది, ఇంకోటి పడుతుంది. ఆరేడు నెలలు దాటాక ఎలా నిలిచాయో అదే లెక్క.

మా చిన్నిని తెచ్చినప్పుడు కూడా ఇదే రంగు, ఇవే మాటలు. దాన్ని పెంచుతూ నేను గమనించినవి చెబుతాను. షెపర్డ్ పిల్లకు పెరిగేకొద్దీ తల మీద, కాళ్ల మీద నలుపు వెనక్కి తగ్గి, వీపు మీద జీనులా మిగులుతుంది. మా చిన్నికి నలుపు ఉన్నచోటే ఉండిపోయింది. వీపు మీద వెంట్రుకలు వేళ్లతో పాయ తీస్తే కింద చర్మం కనిపించేది. షెపర్డ్ పోలికైతే అక్కడ దూదిలాంటి ఒత్తయిన లోపలి బొచ్చు తగులుతుంది, మెడ చుట్టూ, తొడల వెనక వెంట్రుకలు పొడుగ్గా ఉంటాయి. ఏడో నెలకు చిన్ని చెవులు సూదిగా నిలబడ్డాయి, తోక చుట్ట తిరిగింది.

ఇక మూతి. మీరు పంపినవన్నీ పైనుంచి, మరీ దగ్గరగా తీసినవి. అలా తీస్తే ముక్కు పెద్దదై, తల ఆకారం మారిపోతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి, నేల మీద కూర్చుని, పక్కనుంచి దాని కళ్ల ఎత్తులో తీసి పెట్టండి. నుదురు నుంచి మూతికి దిగేచోట గట్టి మెట్టులా ఉండి, మూతి వెడల్పుగా ఉంటే రాట్‌వీలర్ అనుమానం నిలుస్తుంది. వాలుగా సన్నబడితే రాట్‌వీలర్ కాదనుకోవచ్చు. ఇది కూడా ఆరు నెలలు దాటాకే నమ్మకంగా తేలుతుంది. పసిపిల్లలన్నిటికీ మూతి పొట్టిగానే ఉంటుంది.

ఒకే ఈతలో పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండొచ్చు కాబట్టి, తోటి పిల్లలను చూసి దీని సంగతి తేల్చకండి. ఎవరికైనా పెంపకానికి ఇస్తుంటే జాతి పేరు రాయొద్దు, దయచేసి. షెపర్డ్ అని తీసుకెళ్లినవాళ్లు ఆ పోలిక రాలేదని ఏడాదికే మళ్లీ రోడ్డు మీద వదిలేస్తున్నారు. పిల్ల వయసు, వేసిన టీకాలు, తల్లి ఎంత ఎత్తుందో రాసి, పక్కన తల్లి ఫొటో పెట్టండి.