కార్డు మీద వంద గళ్లు, నూటికి పది రూపాయల వడ్డీ

ప్రశ్న: మా వీధిలో పళ్ల బండి పెట్టుకునే ఆవిడ డైలీ ఫైనాన్స్‌లో పది వేలు రాయించుకుంది. చేతికి 8,500 ఇచ్చారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "మూడు నెలలకి పదిహేను వందలే కదా బాబూ" అంటోంది. నిజంగా ఏడాదికి ఎంత శాతం పడుతున్నట్టు?

జవాబు:

ఏడాదికి సుమారు 121 శాతం. మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకి పది రూపాయల వడ్డీ.

ఇదే కార్డు మా ఇంట్లో గోడకి మేకుకి వేలాడుతుండేది. మాది బాపట్ల జిల్లా, నాన్నది మిరపకాయ బజ్జీల బండి. అట్ట కార్డు మీద వంద గళ్లు. రాత్రి ఎనిమిదింటికి ఫైనాన్స్ అబ్బాయి బైకు దిగకుండానే చెయ్యి చాపేవాడు. నాన్న నూనె చెయ్యి తువాలుకి తుడుచుకుని వంద ఇచ్చేవాడు, ఒక గడిలో సంతకం పడేది. నేను అప్పుడు బీకాం రెండో ఏడాది. రేటు లెక్కలన్నీ పరీక్షలో రాసి వచ్చాను గానీ, ఆ కార్డు వంక ఒక్కసారీ ఆ కంటితో చూడలేదు.

ఆ అబ్బాయి చెప్పే లెక్క ఇలా ఉండేది: "పది వేలకి పదిహేను వందలు బాబాయ్, వంద రోజులకి. నెలకి నూటికి నాలుగున్నరే పడుతోంది." వినడానికి నిజమే అనిపిస్తుంది. నూటికి పదిహేను, మూడు నెలల పది రోజులు, భాగించి చూడండి. కానీ అందులో రెండు మోసాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే, పది వేలు ఎవడూ ఇవ్వలేదు, ఇచ్చింది 8,500. రెండోదే అసలుది. ఆ 8,500 కూడా వంద రోజులు మన దగ్గర ఉండదు. మర్నాటి నుంచే వంద వెనక్కి పోవడం మొదలవుతుంది. యాభయ్యో రోజుకి సగానికి దగ్గర పడుతుంది, తొంభయ్యో రోజుకి వెయ్యి కూడా ఉండదు. మొదట్లో కట్టే వందలో వడ్డీ పాలు ఎక్కువ కాబట్టి సరిగ్గా సగం కాకుండా కాస్త పైన, సగటున 4,500 వాడుకున్నట్టు. 4,500 మీద 1,500 అంటే మూడో వంతు, అదీ వంద రోజులకే. ఏడాదికి దాన్ని 3.65తో హెచ్చవేస్తే 121 దాటుతుంది. నమ్మకపోతే ఫోన్‌లో ఎక్సెల్ తెరిచి ఇది కొట్టండి:

```
=RATE(100,-100,8500)*365
```

వడ్డీ మీద వడ్డీ కలపకుండానే 1.21 వస్తుంది, అంటే 121 శాతం.

ఇక్కడ ఆగి, "ఇంత వడ్డీ కట్టడానికి వాళ్లకి బుద్ధి లేదా" అనేవాళ్లంటే నాకు మంట. మా నాన్నకి బుద్ధి బాగానే ఉంది. పొద్దున 1,500 పెట్టి శనగపిండి, నూనె, మిరపకాయలు, గ్యాసు తెస్తే రాత్రికి 2,100 చేతిలో ఉండేది. రోజుకి 1,500 మీద 600 మిగులుతుంటే, నూటికి రోజుకి ముప్పై మూడు పైసల వడ్డీ ఆయనకి ఏం లెక్క? బండి సరుకు వరకూ ఆ అప్పు గిట్టుబాటే. కానీ బండికి కావాల్సింది 1,500. మిగతా 7,000 మా చెల్లి కాలేజీ ఫీజుకి పోయింది. ఫీజు సాయంత్రానికి లాభం తెచ్చిపెట్టదు కదా. మీ పళ్ల బండి ఆవిడని కూడా వడ్డీ శాతం కంటే ముందు ఇదడగండి: ఆ 8,500లో సరుకులోకి ఎంత పోయింది, ఇంట్లోకి ఎంత పోయింది?

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మా తీరానే దాటింది. అప్పటికి కార్డు మీద అరవై గళ్లు నిండాయి. ఐదు రోజులు బండి కదల్లేదు, తెచ్చిన పిండి తడిసిపోయింది. నిజానికి వడ్డీ ముందే కోసుకున్నాడు కాబట్టి, మనం ఐదు రోజులు ఆలస్యంగా కడితే వాడి రాబడి రేటు కొంచెం తగ్గుతుంది. అందుకే గడి తప్పితే ఇరవై రూపాయల ఫైను పెడతారు. ఆరో రోజు ఆ అబ్బాయి వచ్చి ఫైను ఊసెత్తలేదు. చాలా ప్రేమగా, "పాతది కొట్టేసి కొత్తది తిరగరాసుకో బాబాయ్" అన్నాడు. ఇంకా కట్టాల్సింది 4,000. కొత్త పది వేలలో 1,500 కోత, 4,000 పాత బాకీ, చేతికి 4,500. ఖాళీ ప్రోనోటు మీద నాన్న మళ్లీ సంతకం పెట్టాడు.

ఆ రాత్రి మొదటిసారి కార్డు కింద పెట్టుకుని లెక్క వేశాను. బండి కదలని ఆ ఐదు రోజులూ పక్కన పెడితే, వంద రోజుల వడ్డీ పుచ్చుకున్నవాడు అరవయ్యో రోజునే బాకీ మూసేశాడు. అదే రేటు ప్రకారం చూస్తే ఆ రోజుకి అసలు బాకీ 3,740 మాత్రమే. మిగతా 260 ఇంకా గడవని నలభై రోజుల వడ్డీ. అది కూడా కట్టేయడంతో పాత అప్పు 121 నుంచి 143 శాతానికి పోయింది, అంటే నూటికి నెలకి పన్నెండు రూపాయలకి దగ్గర. ఈ ధంధాలో అసలు లాభం తిరగరాతలోనే ఉందని నా గట్టి నమ్మకం. వందో గడి దాకా నిండిన కార్డు మా బజారులో నేను చూసింది తక్కువ.

నాన్నకి చెప్తే ముందు నమ్మలేదు. తర్వాత కాసేపు ఊరుకుని, "వాడు వానలో కూడా వస్తాడ్రా, బ్యాంకు వాడు ఎండలో కూడా రాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వీధి వ్యాపారుల కోసం 2020లో పెట్టిన స్వనిధి అప్పు మొదటి విడత పది వేలు ఉండేది, 2025లో దాన్ని పదిహేను వేలు చేశారు. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకున్నా, పది వేలు పన్నెండు నెలల్లో తీర్చేస్తే మొత్తం వడ్డీ 660 చిల్లర. సరిగ్గా కడితే అందులోనూ 7 శాతం రాయితీ తిరిగి ఖాతాలో పడుతుంది. ఇంత తేడా ఉన్నా ఒక బ్యాంకులో నాన్నని మూడుసార్లు తిప్పారు, మూడోసారి సర్వర్ డౌన్. ఒక పూట బ్యాంకులో కూర్చుంటే మిర్చి కోసేదెవరు, పిండి కలిపేదెవరు? పైగా నెలకోసారి కిస్తీ అంటే 888 రూపాయలు ఒక్కసారి తీయాలి. ఇంట్లో నెలాఖరుదాకా ఆ డబ్బు ఆగదు. రోజుకి వంద అంటే మాత్రం ఎలాగో బయటికొస్తుంది. బ్యాంకులో కూర్చున్నవాళ్లకి ఈ ముక్క ఎందుకు ఎక్కదో నాకర్థం కాదు.

కాబట్టి ఆవిడకి "మానెయ్" అని చెప్పకండి, వినదు. నూటికి పది రూపాయలని చెప్పండి. శాతం అంటే తలూపుతారు గానీ, పది రూపాయల వడ్డీ అంటే మన దగ్గర ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అరవయ్యో గడి దగ్గర తిరగరాయమంటే మాత్రం ససేమిరా అనమనండి.

నాన్న ఇప్పటికీ సంక్రాంతి ముందు సరుకు కోసం ఒక కార్డు రాయించుకుంటాడు. కాకపోతే సంతకానికి ముందే "మధ్యలో మొత్తం కట్టేస్తే ఎంత తగ్గిస్తావ్?" అని అడుగుతున్నాడు. మొన్నటి కార్డు అరవయ్యో రోజున మూసేస్తే రెండొందలు తగ్గించారట. నా లెక్క ప్రకారం ఇంకో అరవై రావాలి.