రిజిస్ట్రేషన్ డెస్క్ వద్దు, స్పీకర్ల పని అడుగు

అమ్మాయీ,

కాన్ఫరెన్స్‌లో వాలంటీరుగా చేరుతున్నానన్నావు, మంచిదే. కానీ నలుగురితో పరిచయాలు కావాలంటే, ఏ పని ఇస్తే అది చేస్తానని మాత్రం అనకు, అంటే రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర కూర్చోబెడతారు. నన్నూ మొదటిసారి అక్కడే కూర్చోబెట్టారు. రెండు రోజుల్లో వందల మందికి బ్యాడ్జీలు ఇచ్చాను, ఒక్కొక్కరితో మాట్లాడింది అర నిమిషం, అదీ పేరులో అక్షరం తప్పు పడిందని వాళ్ళు చిరాకుపడుతుంటే. ఇంటికొచ్చాక ఒక్క ముఖం గుర్తుంటే ఒట్టు.

ప్రసంగించడానికి వచ్చే స్పీకర్లను చూసుకునే పని అడుగు. అది నెల ముందే మొదలవుతుంది కాబట్టి పెద్దగా ఎవరూ ముందుకు రారు, అడిగితే ఇచ్చేస్తారు. నీకు ముగ్గురో నలుగురో వస్తారు. వాళ్ళ ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉందా టైప్-సీనా, స్లైడ్లలో శబ్దం ఉన్న వీడియో ఏమైనా ఉందా, పరిచయం చేసేటప్పుడు పేరు ఎలా పలకాలి, ఇవన్నీ ఒకే మెయిల్‌లో అడిగేయి. రోజుకొకటి అడిగితే విసుక్కుంటారు. ఆ జవాబులతోనే అసలు పరిచయం మొదలవుతుంది, హాల్లో కలిసేసరికి నువ్వు కొత్త మనిషివి కావు.

ఒకసారి ఒకావిడ స్లైడ్లలో వీడియో ఉందని ముందే రాసింది కాబట్టి, సెషన్‌కి అరగంట ముందు రమ్మన్నాను. బొమ్మ వస్తోంది, శబ్దం లేదు. తీరా చూస్తే ల్యాప్‌టాప్ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ గుండా ప్రొజెక్టర్‌కి పంపిస్తోంది, హాలు స్పీకర్లేమో వేరే వైరు మీద ఉన్నాయి. సౌండ్ సెట్టింగ్‌లో అవుట్‌పుట్ మార్చి, హాలు సౌండ్ మిక్సర్ వైరు ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెడితే అయిపోయింది. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి. టెన్షన్ తగ్గాక ఆవిడే అడిగింది, "నువ్వేం చేస్తుంటావు?" అని. నేను అడిగించుకోలేదు, అదీ సంగతి.

స్పాన్సర్ల విషయానికొస్తే, వాళ్ళకు గండం ముందురోజు సాయంత్రం. పార్సిల్ ఏ గదిలో పెట్టారో తెలియదు, స్టాల్ దగ్గర ప్లగ్ ఉండదు. ఆ రెండూ చూసిపెట్టు చాలు. కబుర్లకు మాత్రం రెండో రోజు మధ్యాహ్నం వెళ్ళు, అప్పటికి జనం పలచబడి వాళ్ళే ఎవరైనా వస్తే బాగుండునని చూస్తుంటారు. అక్కడ నిలబడేది ఎక్కువగా మార్కెటింగ్ వాళ్ళే, నీ పని తెలిసినవాళ్ళు లోపల ఎవరున్నారో అడిగి తెలుసుకో. రెజ్యూమె చేతిలో పెట్టకు, అంతవరకూ చేసిన సాయం కూడా బేరంలా కనిపిస్తుంది.

అయ్యాక రెండు రోజుల్లోపు స్పీకర్‌కి ఒక మెయిల్ పెట్టు. స్టేజి మీద తీసిన మంచి ఫొటో ఒకటి, టైము చాలక మిగిలిపోయిన ప్రశ్న ఒకటి. ఆ ప్రశ్నకు చాలామంది జవాబు రాస్తారు.

ఒక నష్టం ఉంది, సెషన్లు చాలావరకు వినలేవు. నీకు తప్పక కావాల్సింది ఒకటి ఎంచుకుని, ఆ గంట డ్యూటీ వద్దని షెడ్యూల్ వేయకముందే చెప్పు, వేశాక ఎవరూ మార్చరు. అన్నట్టు, అడాప్టరు నీదే తీసుకెళ్ళు, దానిమీద పేరు రాసుకో. నావి ఇప్పటికి మూడు పోయాయి.

మీ బాబాయి