మిగిలిన నాలుగు సెషన్లూ ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: నేను రెండేళ్లుగా అకౌంట్స్‌లో పని చేస్తున్నాను. డేటా అనలిస్ట్‌గా మారాలని ఒక కెరీర్ కోచ్ దగ్గర ఆరు సెషన్ల ప్యాకేజీ తీసుకున్నాను. రెండు అయిపోయాయి. మాట్లాడినంతసేపూ బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. మిగతా నాలుగింటినీ ఎలా వాడుకోవాలి? అసలు ఉపయోగం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: గంటసేపు మన గోడు ఎవరైనా శ్రద్ధగా వింటే మనసు తేలికపడుతుంది. అది మంచిదే, కానీ కోచింగ్ పని చేస్తోందనడానికి అది గుర్తు కాదు.

మూడో సెషన్‌కు ముందు ఒక కాగితం మీద గత మూడు నెలల లెక్క రాయండి. ఎన్ని ఉద్యోగాలకు అప్లై చేశారు, ఎన్ని చోట్ల నుంచి ఫోన్ వచ్చింది, ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లారు, ఏ దశలో ఆగిపోయారు. మీ లెక్క ఇలా తేలిందనుకుందాం: 40 అప్లికేషన్లు, 2 ఫోన్లు, 1 ఇంటర్వ్యూ. ఆ ఒక్క ఇంటర్వ్యూలో తడబడ్డారు కాబట్టి అదే మనసులో మెదులుతుంటుంది. కోచ్ ఎదుట కూర్చోగానే "నాకు ఇంటర్వ్యూ అంటే టెన్షన్" అని మొదలుపెడతారు, గంటంతా దానికే పోతుంది. కాగితం మాత్రం వేరే మాట చెబుతోంది: 38 చోట్ల మీరు ఫోన్ దాకా కూడా వెళ్లలేదు. అంటే ముందు చూడాల్సింది రెజ్యూమే, లేదా మీరు ఎంచుకుంటున్న ఉద్యోగాలు. అదే 12 ఇంటర్వ్యూలకు వెళ్లినా ఒక్క ఆఫరూ రాలేదంటే, అప్పుడు మాక్ ఇంటర్వ్యూలకు సెషన్లు ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది.

ఆ కాగితంతో పాటు మీ రెజ్యూమే, మీరు నిజంగా కోరుకుంటున్న రెండు ఉద్యోగ ప్రకటనలు రెండు రోజుల ముందే కోచ్‌కు పంపండి. లేకపోతే సెషన్‌లో మొదటి ఇరవై నిమిషాలు మీ కథ చెప్పడానికే సరిపోతుంది.

"డేటా అనలిస్ట్ కావాలి" అనేది మీ లక్ష్యం, ఒక సెషన్ లక్ష్యం కాదు. సెషన్‌కు కావాల్సింది గంటలో తేలిపోయే పని. ఉదాహరణకు: "నా అకౌంట్స్ పనిలో అనలిస్ట్ ఉద్యోగానికి పనికొచ్చేవి మూడు గుర్తించాలి, అందులో ఒకటైనా రెజ్యూమేలో పెట్టేలా రాసి లేవాలి." ఇప్పుడు మీ రెజ్యూమేలో "వెండర్ పేమెంట్లు చూశాను" అని ఉందనుకోండి. మంచి కోచ్ అక్కడ ఆగి అడుగుతారు: నెలకు ఎన్ని ఇన్‌వాయిస్‌లు? తేడాలు ఎలా పట్టుకునేవారు? మీరేమైనా మార్చారా? అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: "నెలకు 600 ఇన్‌వాయిస్‌లను బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూసే ఎక్సెల్ షీట్ తయారుచేసి, మూడు రోజుల పనిని ఒక రోజుకు తెచ్చాను." ఈ వాక్యం మీరే రాయాలి. కోచ్ రాసిచ్చిన వాక్యం మీద ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న పడితే నోరు పెగలదు.

కోచ్‌కు తెలియనివీ ఉంటాయి. కోచింగ్ సర్టిఫికెట్ ఉంటే ప్రశ్నలు అడిగే పద్ధతి నేర్చుకున్నారని అర్థం, అంతేగానీ డేటా రంగం తెలుసని కాదు. ఎస్‌క్యూఎల్ ఎంత రావాలి, ఏ ప్రాజెక్ట్ చూపించాలి లాంటివి ఆ పనిలో ఉన్న ఒకరిని పావుగంట అడిగి తెలుసుకోండి. ఆ జవాబులు కోచ్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకోమాట, ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లను నేను నమ్మను. ఉద్యోగంలోకి తీసుకునే నిర్ణయం కోచ్ చేతిలో లేదు కదా.

ఇక ఉపయోగం సంగతి. ప్రతి సెషన్ అయిన రోజు సాయంత్రం మూడు లైన్లు రాయండి: ఏం తేలింది, ఏ తేదీలోగా ఏం చేస్తాను, ఒంటరిగా కూర్చుంటే నాకు తట్టనిది ఏం తెలిసింది. మూడో లైన్ వరుసగా రెండుసార్లు ఖాళీగా ఉంటే అనుమానించాల్సిందే. రెండో లైన్‌లో రాసుకున్నది మీరే చేయకపోతే మాత్రం తప్పు కోచ్ మీద వేయకండి.

కొత్త రెజ్యూమేతో అదే తరహా ఉద్యోగాలకు 20 అప్లై చేసి, మూడు వారాలు ఆగండి. పాత లెక్కన 20కి ఒక ఫోన్ రావాలి. రెండు వస్తే అది అదృష్టం కూడా కావచ్చు. నాలుగైదు వస్తే ఏదో మారినట్టే. అప్పుడు మిగిలిన సెషన్లు ఇంటర్వ్యూకు మళ్లించండి. ఇందుకోసం నాలుగో సెషన్‌కూ ఐదోదానికీ మధ్య నెల రోజుల ఎడం అడగండి, వారం వారం పెట్టుకుంటే చూడటానికి ఫలితమే ఉండదు.

ఫోన్లు పెరగక, మూడో లైనూ ఖాళీగానే ఉంటే, ఐదో సెషన్ మొదట్లోనే ఆ కాగితాలు కోచ్ ముందు పెట్టి "మనం పద్ధతి మార్చాలా?" అని అడగండి. లెక్క చూసి ఆలోచనలో పడే కోచ్ అయితే కొనసాగండి. "మీలో నమ్మకం తక్కువ" అని తిప్పికొడితే, మిగిలిన సెషన్ల డబ్బు వెనక్కి వస్తుందేమో ఒప్పందం తీసి చూడండి.