మెయిల్‌లో నాన్నగారి స్నేహితుడెందుకు?

"మేడమ్, నాకు 30 ఏళ్లు. ఎమ్మెస్సీ జాగ్రఫీ, నెట్ పాసయ్యాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పీహెచ్‌డీకి గైడ్‌గా ఉండమని ఒక సీనియర్ ప్రొఫెసర్‌గారికి మెయిల్ పెట్టాలి. ఆయన బావమరిది మా నాన్నగారి స్నేహితుడు. ఆ సంగతి మొదటి లైన్‌లోనే ఉండాలని నాన్నగారి పట్టుదల. డ్రాఫ్ట్ ఆయనే రాశారు, జతచేశాను. 'రెస్పెక్టెడ్ సర్' అనాలా, 'డియర్ సర్' అనాలా?"
- ఓ పాఠకురాలు, హనుమకొండ

ఏదైనా అనండి, ఆ మాటకు ఎవరూ సీటు ఆపరు.

డ్రాఫ్ట్ చదివాను. రెండు పేజీలు. మొదటి పేరా నిండా బావమరిదిగారే. మీ టాపిక్ పదకొండో లైన్‌లో వచ్చింది, అదీ 'తెలంగాణ చెరువులు' అని రెండు ముక్కల్లో! క్లాసు నిండా పిల్లలకు పాఠం చెప్పే మనిషి, తన పరిశోధన ఏమిటో నాన్నగారి చేత రాయించుకోవడం నాకు మింగుడుపడలేదు. పీహెచ్‌డీ అంటే తక్కువలో తక్కువ మూడేళ్లు. చుట్టరికంతో మొదలుపెడితే, రేపు చాప్టర్ ఆలస్యమైనప్పుడు గైడ్‌గారు మీకు చెప్పరు, బావమరిదికి చెబుతారు. ఆయన మీ నాన్నగారికి చెబుతారు. గైడ్‌తో పొసగకపోయినా మార్చుకోవడానికి మొహమాటం.

సీనియర్ అన్నారు కాబట్టి ముందు ఆయన రిటైర్మెంట్ ఎప్పుడో కనుక్కోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్ల కంటే తక్కువ మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి ఉండకూడదు. అక్కడ ఖాళీ లేకపోతే ఏ స్నేహితుడూ ఏమీ చేయలేడు.

మెయిల్ ఒక స్క్రీన్ దాటకూడదు. సబ్జెక్ట్ లైన్‌లో 'పీహెచ్‌డీ గైడ్‌గా అభ్యర్థన: చెరువు పూడికతీత, బావుల నీటిమట్టం' అనే అర్థం వచ్చేలా పెట్టండి. మొదటి రెండు లైన్లలో మీ పేరు, చదువు, నెట్ పాసైన ఏడాది, ఉద్యోగం. తర్వాత టాపిక్, అదీ ప్రశ్నలా: "2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల కింద బావుల్లో నీళ్లు నిజంగా పెరిగాయా, లేక అది ఆ ఏటి వానల పుణ్యమా? ఒకే గొలుసుకట్టులో పూడిక తీసిన చెరువునూ తీయని చెరువునూ పోల్చి చూడాలనుకుంటున్నాను." బావుల లెక్కలు ఎక్కడ దొరుకుతాయో ఒక వాక్యం చాలు. ఇది నా ఊహ, మీ చెరువులేవో మీరే రాయండి. ఆ తర్వాత ఆయన రాసిన పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో ఏ మాట మిమ్మల్ని ఆయన దగ్గరికి తెచ్చిందో చెప్పండి. పొగడ్తలు వద్దు. చివర్లో, వచ్చే నోటిఫికేషన్‌కు ఆయన దగ్గర ఖాళీ ఉందా అని అడగండి. ఆయన సరేనన్నంత మాత్రాన అడ్మిషన్ వచ్చినట్టు కాదు, ఇంటర్వ్యూ ఎటూ ఉంటుంది.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. నాన్నగారి చేత ఫోన్ మాత్రం చేయించకండి. మెయిల్ ఆయనకు చూపించండి, పంపాక.