నాన్న పెద్దకర్మ వీడియో: ఫొటోల వరస, సంగీతం, వేగం

కడపలో నాన్న పెద్దకర్మ రోజు వేయడానికి వీడియో చేస్తున్నా. ఏ పాట, ఏ వరస, ఎంతసేపు?

30 ఫొటోలు చాలు. నాన్న ఒక్కరే ఉన్న 20 ఫొటోలకు 5 సెకన్లు, గుంపు ఫొటోలు 10కి 8 సెకన్లు ఇవ్వండి. గుంపులో బంధువులు ముందు తమను తాము వెతుక్కుంటారు, ఆ తర్వాతే ఆయన్ని చూస్తారు.

మొత్తం 3 నిమిషాలు. అయితే ఒక ఫొటో ఇంకోదానిలోకి 1 సెకను మెల్లగా కలిసేలా పెడితే 29 సెకన్లు తగ్గుతాయి. సంగీతాన్ని ఆ నిడివికే కోసి, చివర మెల్లగా తగ్గించండి. మాటలున్న పాట వద్దు, ధ్యాస మాటల మీదికి పోతుంది. వేణువో వీణో చాలు.

మొదట అందరూ గుర్తుపట్టే ఈమధ్య ఫొటో, తర్వాత చిన్ననాటి నుంచి వరసగా. ఆసుపత్రి ఫొటోలు అసలొద్దు. గిరగిరా తిప్పే ఎఫెక్టులు పెళ్లి వీడియోలకు వదిలేయండి.