ఉద్యోగం మానకుండా పెళ్లిళ్ల సీజన్‌లో చేసుకునే పని: తాంబూలం సంచులు

ప్రశ్న: మేం చెన్నైలో ఉంటాం. నాది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, వారం మధ్యలో సెలవు దొరకదు. ఇంటి లోను ఉంది కాబట్టి ఉద్యోగం మానే ప్రసక్తే లేదు. పండగలకీ పెళ్లిళ్లకీ మాత్రమే చేసుకునే చిన్న వ్యాపారం ఏదైనా ఉందా? చేసినవాళ్లు చెప్పండి.

జవాబు:

మా వదినా నేనూ పెరంబూరులో తాంబూలం సంచులు తయారుచేసి ఇస్తున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నవాళ్లమే. ఈ పనిని ఎంచుకోవడానికి ఒకటే కారణం: ముహూర్తం రోజున మనం మండపంలో ఉండనక్కర్లేదు. పూల అలంకరణ, వంటలు, మెహందీ, ఫోటోలు ఇవన్నీ మంచి ఆదాయం ఉన్న పనులే. కానీ బుధవారం తెల్లవారుజామున ముహూర్తమైతే మంగళవారం రాత్రి నుంచి అక్కడే ఉండాలి. ఉద్యోగం ఉన్నవాళ్లకు అది కుదరదు. తాంబూలం సంచుల పని పెళ్లికి మూడు రోజుల ముందే అయిపోతుంది.

సంచిలో ఎండు వస్తువులు మాత్రమే మేం పెడతాం. రవిక గుడ్డ, పసుపు కుంకుమ పొట్లాలు, వక్క పొడి, ఒక చిన్న స్టీలు గిన్నె. కొబ్బరికాయ, తమలపాకులు, అరటిపళ్లు పెళ్లివారే కోయంబేడు మార్కెట్ నుంచి తెప్పించుకుని ఆ రోజు పెట్టుకుంటారు. ఈ మాట ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పేస్తాం. పాడయ్యే వస్తువు ఒక్కటి ఒప్పుకున్నా పెళ్లి రోజు పరుగులు మళ్లీ మన మీదే పడతాయి.

సంచి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం ఉంది. ప్లాస్టిక్ పోగులతో చేసే నాన్ వోవెన్ సంచులు కూడా అందులోకే వస్తాయి. చూడటానికి గుడ్డలా ఉంటాయి కాబట్టి ‘గుడ్డ సంచి’ అని అంటగట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలు గుడ్డ కాగితంలా కాలి బూడిదవుతుంది. నాన్ వోవెన్ ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మారుతుంది. 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’, అంటే ‘మళ్లీ పసుపు సంచి’ అనే ప్రచారం మొదలుపెట్టింది. పసుపు గుడ్డ సంచి మీద వధూవరుల పేర్లు వేయించుకోవడం ఇక్కడ మామూలే కాబట్టి మేం అదే ఇస్తాం.

సంచులు కొనేటప్పుడు పిడి కుట్టు చూడాలి. రెండు కొబ్బరికాయలు వేసి, మేకుకి కాసేపు తగిలించి ఉంచండి. కుట్టు సాగితే ఆ సరుకు వద్దు. ప్రింటింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌కి ముందు ఫ్రేము చేస్తారు, ఆ ఖర్చు ఎన్ని సంచులకైనా ఒకటే. అందుకే వందలోపు ఆర్డరైతే ఒక్కో సంచి ధర బాగా పెరుగుతుంది, మేం అంత చిన్న ఆర్డర్లకు పేర్లు వేయించం. ప్రింటయిన సంచిని తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటితే ఇంకా ఆరలేదన్నమాట. అలాగే కట్టలు కడితే ఒక సంచి మీది పేర్లు ఇంకో సంచి వెనక దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు, రంగు ఆరడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. ఆ నెలల్లో ప్రింటర్ దగ్గర వారం అదనంగా ఉంచుకోండి.

లెక్క ఎలా ఉంటుందో మూడు వందల సంచుల ఆర్డర్ ఒకటి చూపిస్తాను. ప్రింటుతో కలిపి సంచి 24 రూపాయలు, రవిక గుడ్డ 35, గిన్నె 18, పసుపు కుంకుమ 4, వక్క పొడి 3. మొత్తం 84. పాడైనవి, కవర్లు, తాళ్లు కలిపి ఇంకో 4 వేసుకుంటే 88. మేం తీసుకున్నది 115. అంటే సంచికి 27 చొప్పున 8,100 మిగిలాయి. అందులో ఆటో ట్రాలీకి 900, సర్దడానికి వచ్చిన పక్కింటి అమ్మాయికి 1,200 పోగా చేతికి వచ్చింది 6,000. ధరలు సీజన్ని బట్టి మారతాయి, రవిక గుడ్డ నాణ్యతను బట్టి ఇంకా మారతాయి. కానీ ఈ పనిలో లాభం ఎంత ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. జీతానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. పెద్దగా పెట్టుబడి లేకుండా, సాయంత్రాల్లో చేసుకోగలిగే అదనపు ఆదాయం.

పెట్టుబడి లేకుండా అన్నాను కదా, అది అడ్వాన్స్ వల్ల. పేర్లు వేసిన సంచి ఇంకెవరికీ పనికిరాదు. పెళ్లి వాయిదా పడి తేదీ మారినా అంతే. కాబట్టి అడ్వాన్స్‌తో కనీసం సంచుల ఖర్చంతా వచ్చేయాలి. మేం 60 శాతం తీసుకుంటాం. శుభలేఖలో ఉన్నట్టే పేర్లు టైప్ చేయించి, ఆ నమూనాను వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అని జవాబు వచ్చాకే ప్రింటర్‌కి ఇస్తాం. ఫోన్‌లో నోటిమాటగా చెప్పిన పేర్లతో ప్రింటుకి వెళ్లకండి. తెలుగు, తమిళం రెండు లిపులూ ఉంటే ఆ లిపి చదవడం వచ్చినవాళ్లతో ఒకసారి చూపించండి.

సరుకు కోసం గోడౌన్ స్ట్రీట్, షావుకారుపేట తిరగాలి. అక్కడ చాలా హోల్‌సేల్ దుకాణాలు ఆదివారం మూసేస్తారు, కాబట్టి మీకున్నది శనివారమే. పెళ్లికి నెల ముందు ఒక శనివారం రవిక గుడ్డలు, గిన్నెలు తెచ్చుకుంటే మిగతాది ఇంట్లో సాయంత్రాల్లో అయిపోతుంది. పసుపు పొట్లాలను మాత్రం చివర్లో, విడి కవర్‌లో పెట్టండి. పొట్లం చిరిగితే రవిక గుడ్డకి మరకవుతుంది.

ఇక సీజన్ సంగతి. చెన్నైలో మనకు రెండు పంచాంగాలు. తమిళులకు ఆడి, మార్గళి నెలల్లో పెళ్లిళ్లు ఉండవు, మనకు ఆషాఢం, పుష్యం. ఆడి మాసం ఆగస్టు మధ్య దాకా నడుస్తుంది, ఆ లోపే మనకు శ్రావణం మొదలయ్యే సంవత్సరాల్లో తెలుగు ఆర్డర్లు ముందే వస్తాయి. అసలు దెబ్బ మౌఢ్యమితో పడుతుంది. 2025 నవంబరు 26 నుంచి 2026 ఫిబ్రవరి 17 దాకా శుక్ర మౌఢ్యమి. మళ్లీ మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఇలాంటి ఏడాది తెలుగు పెళ్లిళ్లనే నమ్ముకుంటే నెలలు ఖాళీగా పోతాయి. తమిళ కుటుంబాల ముహూర్తాల పట్టిక వేరు కాబట్టి వాళ్ల ఆర్డర్లూ ఉండాలి. ఏటా ఉగాదికి పంచాంగం చేతికి రాగానే ఈ తేదీలన్నీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఆ ఖాళీలో కొంత పండగలు పూడుస్తాయి. వరలక్ష్మీ వ్రతానికి, నవరాత్రుల్లో బొమ్మల కొలువుకి వచ్చిన ముత్తైదువులకు తాంబూలం ఇస్తారు. ఒక్కో ఇంటికి ఇరవై, ముప్పై సంచులే, కానీ ఒకే అపార్ట్‌మెంట్‌లో చాలా ఇళ్లు. వాటి మీద పేరూ తేదీ వేయించకుండా, పద్మమో కలశమో ఉన్న బొమ్మ వేయించండి. నవరాత్రుల్లో మిగిలిపోయినవి వచ్చే శ్రావణానికి అమ్ముకోవచ్చు. మీరు కొత్త కాబట్టి నన్నడిగితే పెళ్లి ఆర్డర్‌తో కాకుండా వరలక్ష్మీ వ్రతంతోనే మొదలుపెట్టండి.

ఆఫీసు విషయం: మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే వ్యాపారం చేయకూడదనే షరతు ఉందేమో ముందు చదవండి. చాలా ప్రైవేటు కంపెనీల్లో ఉంటుంది. ఉంటే హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేదా ఇంట్లో నిజంగా ఆ పని చూసుకునేవాళ్ల పేరు మీదే నడపండి. మీ పేరు మీదే అయితే జీతంతో పాటు ఈ ఆదాయాన్నీ రిటర్నులో చూపించాలి. జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 అప్పుడు పనికిరాదు. అందుకే మొదటి ఆర్డర్ నుంచే బిల్లులు దాచి ఉంచండి.