ఒప్పందం రద్దయినా ఆర్బిట్రేషన్ క్లాజు ఎందుకు నిలుస్తుంది?

ప్రశ్న: లంచంతో కుదిరిన ఒప్పందమే చెల్లదంటుంటే, తగవొస్తే కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్లనే మధ్యవర్తులు తీర్చాలని అందులో రాసుకున్న ఆర్బిట్రేషన్ క్లాజు మాత్రం ఎలా చెల్లుతుంది?

ఒకే కాగితం మీద ఉన్నా చట్టం దాన్ని విడి ఒప్పందంగా చూస్తుంది కాబట్టి, ఆ క్లాజునే నేరుగా తాకే లోపం చూపిస్తే తప్ప అది పడిపోదు. ప్రధాన ఒప్పందం సరుకు, ధర, గడువుల గురించి. క్లాజు తగవొస్తే ఎవరు తీర్చాలన్న దాని గురించి. ఒప్పందం చెల్లదనగానే క్లాజూ పోతే, తప్పించుకోవాలనుకున్న ప్రతివారికీ ఆ ఒక్క మాట చాలు.

2007లో, అప్పటికి బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన ఫియోనా ట్రస్ట్ కేసు చూడండి. ఓడల యజమానులు, ఎనిమిది అద్దె ఒప్పందాలు లంచాలతో కుదిరాయంటూ రద్దు చేసి కోర్టుకెళ్లారు. లంచం అద్దె షరతులను చెడగొట్టి ఉండొచ్చు గానీ, ఆర్బిట్రేషన్‌కు ఒప్పించడానికే ప్రత్యేకంగా లంచమిచ్చారన్న ఆరోపణ లేదు. అందుకే ఆ తగవు ఆర్బిట్రేటర్లే వినాలని తీర్పొచ్చింది. సంతకమే ఫోర్జరీ అయితే సంగతి వేరు. అప్పుడు క్లాజుకూ సమ్మతి లేనట్టే.

ఆ ఫోర్జరీ మాటా మొదట ఆర్బిట్రేటర్లే తేల్చవచ్చు. తమ పరిధిని తామే నిర్ణయించుకునే ఈ అధికారమే కాంపిటెన్స్-కాంపిటెన్స్. చాలామంది పొరబడేది ఇక్కడే: వాళ్లది మొదటి మాటే, చివరి మాట కాదు. లండన్ ఆర్బిట్రేషన్‌లో అయితే అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ల తీర్పు, తేదీ నుంచి 28 రోజుల్లో, ఇంగ్లండ్ 1996 ఆర్బిట్రేషన్ చట్టం 67వ సెక్షన్ కింద కోర్టులో సవాలు చేయవచ్చు. కానీ ఆర్బిట్రేటర్ల ముందు సకాలంలో అభ్యంతరం చెప్పకుండా వాదనల్లో పాల్గొన్నవారు సాధారణంగా ఆ హక్కు పోగొట్టుకుంటారు.